రెండో ఎర్ర కాసు

పర్లాకిమిడిలో ఒక స్టూడియోలో పన్నెండేళ్ళుగా ఆల్బం డిజైన్ చేస్తున్నాను. మొటిమలు తీయడం, కళ్ళు మూసుకున్న మేనమామకి ఇంకో ఫొటోలోంచి కళ్ళు తెచ్చి పెట్టడం మాకు రోజువారీ పని. పెళ్ళికూతురి ఒంటి మీద లేని నగ పెట్టమని మాత్రం ఎప్పుడోగాని ఎవరూ అడగరు. అడిగినప్పుడల్లా ఒక గంట పని అని ఒప్పేసుకునేదాన్ని. పోయిన దసరా ముందు వచ్చిన మామ్మగారి పనికి నాకు పదకొండు రోజులు పట్టింది.

విషయం ఇదీ. రెండేళ్ళ క్రితం ఆవిడ చిన్న మనవరాలి పెళ్ళి. ఇంట్లో కాసులపేరు ఆ టైంలో బ్యాంకులో తాకట్టులో ఉంది. మామ్మగారి నక్షి గాజులు నాలుగూ అంతకు ముందే పాత బంగారం కింద మార్చేశారు. పిల్ల కవరింగ్ హారం, కవరింగ్ గాజులు వేసుకుని పెళ్ళి పీటల మీద కూర్చుంది. మా స్టూడియోలో తీసిన పెళ్ళికూతురి ఫొటోలో కూడా అవే ఉన్నాయి. ఇప్పుడు కాసులపేరు విడిపించారు. ఇద్దరు మనవరాళ్ళకి చెరి సగం చేసి ఇవ్వాలని మామ్మగారి నిర్ణయం. కంసాలికి ఇచ్చేలోపు ఆ పేరు మొత్తంగా, ఆ గాజులతో సహా, పిల్ల ఒంటి మీద ఉన్నట్టు ఒక ఫొటో కావాలి. పిల్ల మస్కట్‌లో ఉంది, ఇప్పట్లో రాదు.

పిల్ల తల్లి నాకు వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపారు. ఒకటి కంసాలి కొట్లో ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద పరిచిన కాసులపేరు. రెండోది, మార్చే రోజున నగల షాపు ట్రేలో పెట్టి ఎవరో తీసిన నాలుగు గాజులు. "అచ్చం అలాగే రావాలమ్మా" అన్నారు. సరేనన్నాను.

మొదటిసారి నేను చేసిన పని చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇలాగే చేస్తారు. వెల్వెట్ మీద ఉన్న పేరుని పెన్ టూల్‌తో చుట్టూ గీసి మొత్తంగా కోశాను. పాత కవరింగ్ హారం ఉన్నచోట చీర, చర్మం క్లోన్ చేసి ఖాళీ చేశాను. కోసిన పేరుని మెడ మీద పెట్టి `Warp` తో లాగి, ఛాతీ మీద వంపుకి సరిపెట్టాను. వెల్వెట్ ఫొటోలో కుడి సగం మీద ట్యూబ్‌లైటు పడి కాసులు తెల్లగా మాడిపోయాయి. అందుకని ఎడమ సగాన్నే కాపీ చేసి `Flip Horizontal` కొట్టి కుడివైపు అతికించాను. కింద కొంచెం నల్ల నీడ. గాజులకీ అదే పద్ధతి. మానిటర్ మీద చూస్తే బాగానే ఉంది. పన్నెండు బై పద్దెనిమిది ప్రింటు తీయించి చూపించాను.

మామ్మగారు కళ్ళజోడు సవరించుకుని కాసేపు చూశారు. "ఎర్ర కాసు రెండున్నాయేంటమ్మా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. ఆవిడ కొత్త కోడలిగా వచ్చిన కొన్నాళ్ళకి మహేంద్రతనయ ఏట్లో స్నానానికి దిగితే ఒక కాసు ఊడి పోయిందట. దాని బదులు కంసాలి ఇంకోటి చేసి కలిపాడు. అందులో రాగి పాలు కాస్త ఎక్కువ పడింది, మిగతా వాటికన్నా ఎర్రగా ఉంటుంది. పేరు మొత్తానికి అలాంటిది ఒక్కటే. నేను ఎడమ సగాన్ని తిప్పి అతికించడంతో దాని జోడీ కుడివైపు కూడా పుట్టుకొచ్చింది. పక్కనే ఉన్న కంసాలిగారు భూతద్దం పెట్టి ఇంకోటి చూపించారు. కుడివైపు కాసులన్నిటి మీదా లక్ష్మీదేవి ఎడమచేత్తో అభయం ఇస్తోంది. తిప్పినప్పుడు బొమ్మ కూడా తిరగబడుతుందని నాకు తెలియక కాదు. కాసు అంత చిన్నది, ఎవరు చూస్తారులే అనుకున్నాను. ప్రింటులో ఒక్కో కాసు ఎనిమిది మిల్లీమీటర్లు వచ్చింది. వాటితో అరవై ఏళ్ళు బతికిన మనిషి కంటికి ఎనిమిది మిల్లీమీటర్లు చాలా పెద్ద సైజు.

"గాజులు కూడా రిబ్బను చుట్టినట్టున్నాయి" అని తల్లి మెల్లిగా అన్నారు. అదీ నిజమే.

అప్పుడు కూర్చుని తప్పులు వెతుక్కున్నాను. అన్నిటికన్నా పెద్దది `Warp` తో లాగడం. బంగారం సాగదు. మెడలో వేసుకున్నప్పుడు పేరు వంగుతుంది గాని కాసు వంగదు. వంగేది కాసుకీ కాసుకీ మధ్య ఉన్న కొక్కేల దగ్గర మాత్రమే. నేను మొత్తాన్ని రబ్బరు షీటులా లాగితే గుండ్రటి కాసులు భుజం దగ్గర కోడిగుడ్డు ఆకారంలోకి, కింద వంపులో ఇడ్లీ ఆకారంలోకి మారాయి. చూసేవాళ్ళు ఫలానా తప్పని చెప్పలేరు, కాని "ఏదో అతికించినట్టుంది" అంటారు.

రెండోది సైజు. దీనికి కంటితో కొలత కాకుండా లెక్క ఉంది. పెళ్ళికూతురు ఆ రోజు వేసుకున్న కవరింగ్ గాజులు ఇంట్లోనే ఉన్నాయి. తెప్పించి స్కేలు పెట్టి కొలిస్తే బయటి వెడల్పు 60 మిల్లీమీటర్లు. ఫొటోలో అదే గాజు ఒక చివర నుంచి ఇంకో చివరకి 378 పిక్సెళ్ళు. అంటే చేతి దగ్గర మిల్లీమీటరుకి 6.3 పిక్సెళ్ళు. కాని చేతులు ముందుకి కట్టుకుని ఉన్నాయి, మెడ వెనక ఉంది. మా స్టూడియోలో కెమెరా నుంచి మనిషికి ఎనిమిది అడుగులు, నేల మీద టేపు గుర్తు ఉంటుంది. చేతులు అర అడుగు ముందున్నాయనుకుంటే మెడ దగ్గర వస్తువు ఆరు శాతం దాకా చిన్నగా కనబడుతుంది. అక్కడ మిల్లీమీటరుకి 5.9 వేసుకున్నాను. కంసాలిగారు కాసుని కొలిచి 16 మిల్లీమీటర్లు అన్నారు. కాబట్టి ఫొటోలో కాసు 94 పిక్సెళ్ళు ఉండాలి. నేను పెట్టినవి 115 ఉన్నాయి. అలా పెద్దవి పెట్టి, వంపు నిండగానే లెక్క కూడా తగ్గించేశాను.

ఈ లెక్కతోనే ఇంకో సంగతి బయటపడింది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో కాసు 64 పిక్సెళ్ళే ఉంది. దాన్ని పెంచి వాడాను కాబట్టి లక్ష్మీదేవి ముఖం మైనంలా కరిగినట్టుంది. కంసాలిగారి ఫోన్లో అసలు ఫొటో డాక్యుమెంటుగా పంపించుకుంటే 160 పిక్సెళ్ళు వచ్చింది. చిన్నది చేసి వాడుకోవడానికి కావలసినంత ఉంది. ఇప్పుడు ఎవరు నగ ఫొటో పంపినా నేను మొదట చూసేది ఇదే. నగలో ఒక చిన్న ముక్క అక్కడ ఎన్ని పిక్సెళ్ళుంది, ఇక్కడ ఎన్ని కావాలి? అక్కడిది తక్కువైతే పని ఒప్పుకోను.

అయినా ఆ ఫొటో పనికిరాలేదు. మాడిపోయిన కుడి సగంలో లేని వివరాన్ని ఏ స్లైడరూ తేలేదు. పైగా బంగారానికి తన రంగుతో పాటు చుట్టూ ఉన్నవాటి రంగు కూడా అంటుకుంటుంది. వెల్వెట్ మీద ఉన్న కాసుల అంచులన్నీ ఎర్రగా ఉన్నాయి. పిల్ల కట్టుకున్నది పసుపు పట్టుచీర. పసుపు చీర మీద ఎర్ర ప్రతిబింబం ఎక్కణ్ణుంచి వస్తుంది?

కాసులపేరు ఇంకా తెగలేదు కాబట్టి బతికిపోయాను. రెండు రోజుల్లో కోయాలని ముహూర్తం పెట్టుకున్నారు. ఒక్క మధ్యాహ్నం అరువివ్వమని అడిగాను. బ్లౌజులు కుట్టే ఆవిడ దగ్గర నుంచి బొమ్మ తెచ్చి, అదే పెళ్ళిచీర అదే కుచ్చిళ్ళతో కట్టి, పేరు వేశాం. లైటు ఎడమవైపు నలభై అయిదు డిగ్రీల్లో, సాఫ్ట్‌బాక్సుతో, పెళ్ళికూతుర్ని తీసినప్పుడు పెట్టినచోటే. కెమెరా అదే టేపు గుర్తు దగ్గర, అదే ఎత్తులో. మామూలు వెలుతురులో ఒకటి, ఒక స్టాపు తగ్గించి ఒకటి తీశాను. కాసుల మీద మెరుపు మాడిపోతే రెండోదాంట్లోంచి తెచ్చుకోవచ్చని. మామ్మగారు కొంగు చాటున చేయి పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఎనిమిది తులాల పేరు ఒక బట్టల బొమ్మ మెడలో ఉంటే ఎవరైనా అలాగే కూర్చుంటారు.

బొమ్మ మీద తీసినా యథాతథంగా పెడితే కుదరదు. బొమ్మ భుజాలు వెడల్పు, పిల్ల సన్నం. పిల్ల తల కొంచెం కుడికి వంచి ఉంది, దానితో ఎడమ భుజం కాస్త లేచింది. ఈసారి పేరుని తొమ్మిది ముక్కలుగా కోశాను, ఒక్కో దాంట్లో అయిదారు కాసులు. ప్రతి ముక్కనీ తిప్పడం, జరపడం మాత్రమే. లాగడం నిషేధం అని మానిటర్ మీద చీటీ అంటించుకున్నాను. ముక్కకీ ముక్కకీ మధ్య కాసు మీద కాసు ఎక్కే చోట పై కాసుని విడిగా పైన పెట్టి అతుకు కప్పేశాను. ఏ వైపు కాసు పైన, ఏది కింద అన్నది అసలు ఫొటో చూసే పెట్టాలి. ఈ పేరులో కింది పతకం నుంచి పైకి ప్రతి కాసూ కింది దాని మీదకి ఎక్కుతుంది. మధ్యలో ఒక్కచోట వరస తిరగబడినా కొక్కేలు అలా ఉండడం కుదరదని కంసాలికి తెలిసిపోతుంది.

ఇక గాజులు. వాటికి రెండో అవకాశం లేదు, ఎప్పుడో కరిగిపోయాయి. ఉన్నది షాపు ట్రేలో, కొంచెం ఏటవాలుగా తీసిన ఒక్క ఫొటో. అదృష్టం కొద్దీ అది తల్లి ఫోన్లో అసలు సైజులో ఉంది.

మొదటిసారి "రిబ్బను" ఎందుకైందంటే, గాజు మీద ఉన్న పువ్వుల్ని సమాన దూరంలో పేర్చాను. ట్రే ఫొటోలో వంకీ తిరిగిన పువ్వులు గుండ్రంగా లెక్కపెడితే పన్నెండు. అంటే ఒక్కో పువ్వుకి ముప్ఫై డిగ్రీలు. చేతి మీద గాజుని ఎదురుగా చూస్తే మనకి ముందు సగమే కనబడుతుంది. మధ్యలో పువ్వు నిండుగా ఉంటుంది, పక్కలకి వెళ్ళేకొద్దీ పువ్వులు దగ్గరపడి సన్నబడతాయి. ఎంత దగ్గరపడాలో కూడా లెక్కే చెప్తుంది. మామ్మగారి సైజు 2-6, అంటే లోపలి వెడల్పు రెండు అంగుళాలా ఆరు సూత్రాలు, ఇక్కడ సూత్రం అంటే అంగుళంలో పదహారో వంతు. అది 60 మిల్లీమీటర్ల పైచిలుకు. మందం రెండు పక్కలా మూడేసి కలిపితే బయటికి 66. చేతి దగ్గర 6.3 చొప్పున 416 పిక్సెళ్ళు, అందులో సగం 208.

మధ్య పువ్వు సున్నా దగ్గర. తర్వాతది ముప్ఫై డిగ్రీలది, సైన్ విలువ సగం కాబట్టి 104 దగ్గర. ఆ తర్వాతది అరవై డిగ్రీలది, 180 దగ్గర. తొంభై డిగ్రీలది 208 దగ్గర, సరిగ్గా అంచున, గీతలా. పువ్వుల మధ్య దూరాలు వరసగా 104, 76, 28. నేను మొదట మూడూ సమానంగా డెబ్భై చొప్పున పెట్టాను. పదో తరగతిలో సైన్ టేబుల్ బట్టీ పట్టించిన మాస్టారు గుర్తొచ్చారు. అప్పట్లో దీనితో గాజులు తొడగొచ్చని ఎవరూ చెప్పలేదు.

ట్రే ఫొటోలోంచి ఎదురుగా నిండుగా కనిపించే మూడు పువ్వులు తీసుకున్నాను. అరవై డిగ్రీల దగ్గరిది వెడల్పులో సగానికి నొక్కాను, ఎత్తు ముట్టుకోలేదు. ఇక్కడ నొక్కడం తప్పు కాదా అంటే కాదు. అక్కడ లోహాన్ని నొక్కుతున్నట్టు కాదు, పక్కకి తిరిగిన పువ్వు కంటికి అంత సన్నగానే కనబడుతుంది. కాసు ఎదురుగా ఉండి కోడిగుడ్డులా ఉంటే తప్పు, పువ్వు పక్కకి తిరిగి సన్నబడితే ఒప్పు. ఈ తేడా నాకు మొదటి ప్రింటు పోయాకే తలకెక్కింది.

గాజు ఎంత వాలుగా ఉండాలన్నదానికి నమూనా పక్కనే ఉంది. పిల్ల చేతికి కవరింగ్ గాజుల మధ్య ఆకుపచ్చ మట్టిగాజులున్నాయి. అవి అసలువి, ముట్టుకోలేదు. వాటి అండాకారం ఎంత పొడుగు, ఎంత వెడల్పు ఉందో అదే నిష్పత్తిలో బంగారు గాజులు పెట్టాను. ఒకటే ఇబ్బంది. మట్టిగాజులు 2-4, ఇవి 2-6. వదులు గాజు చేతి మీద ఆని, కింద ఖాళీ వదులుతుంది. అందుకని పై అంచు మట్టిగాజుతో కలిపి, కిందివైపు కాస్త దించాను. ట్రే ఫొటోలో మర ఉన్న వైపు కనబడలేదు. లేనిదాన్ని ఊహించి గీయడం ఇష్టం లేక, అది మణికట్టు వెనక్కి పోయేలా తిప్పి పెట్టి, ఆ మాట వాళ్ళకి చెప్పేశాను.

రంగు దగ్గర మళ్ళీ ఒక రోజు పోయింది. మొదటి ప్రింటులో నీడలన్నీ నలుపుతో వేశాను, దాంతో బంగారం ఇత్తడి బిందెలా అయింది. బంగారంలో నక్షి లోతుల్లోకి పోయిన వెలుతురు గోడకీ గోడకీ తగిలి బయటికొచ్చేసరికి ఎర్రబడుతుంది. అందుకే అసలు నగలో చీకటి భాగం నల్లగా ఉండదు, కాల్చిన బెల్లం రంగులో ఉంటుంది. మెరుపు కూడా తెల్లగా ఉండదు, లేత పసుపు. బొమ్మ మీద తీసిన కాసుల్లోంచే చీకటి రంగు, మెరుపు రంగు తీసుకుని గాజులకి సరిపెట్టాను. ట్రే ఫొటోలో వెలుతురు పైనుంచి ఉంది, మనకి ఎడమ నుంచి కావాలి. పైన ఒక లేయర్ వేసి ఎడమ పక్క తేల్చి, కుడి పక్క ముంచాను.

నీడలు రెండు రకాలు వేశాను. కాసు చీరకి ఆనే చోట రెండు మూడు పిక్సెళ్ళ సన్న గీత, ముదురుగా. దాని బయట వెలుతురుకి ఎదురువైపు, అంటే కుడికి, మెత్తగా విచ్చుకున్న నీడ. రెండూ `Multiply` లో. రంగు చీర మడతలోంచి తీసుకున్నాను, గాజుల దగ్గర చర్మం మడతలోంచి. సన్న గీత లేకపోతే నగ గాల్లో తేలుతుంది. రెండోది లేకపోతే స్టిక్కరు అంటించినట్టుంటుంది.

రెండో ప్రింటు పట్టుకుని ఇంటికే వెళ్ళాను. అప్పటికి పేరు కంసాలి దగ్గర తెగిపోయింది. రెండు సగాలూ రెండు డబ్బాల్లో బల్ల మీద ఉన్నాయి. మామ్మగారు ప్రింటు ఒళ్ళో పెట్టుకుని చూపుడువేలు గోరుతో ఒక్కో కాసూ జరుపుతూ లెక్కపెట్టారు, జపమాల తిప్పినట్టు. మేమెవ్వరం మాట్లాడలేదు. యాభై ఒకటి దగ్గర ఆగారు.

"డెబ్భై ఆరు కదమ్మా."

"మిగతావి మెడ వెనకా, జడ కిందా ఉన్నాయి మామ్మగారూ. బొమ్మ మీద తీసిన ఫొటో ఇదిగో, దీంట్లో కూడా ముందుకి యాభై ఒకటే."

దాన్నీ లెక్కపెట్టారు. తర్వాత గాజుల దగ్గరికి వచ్చి, చేతిని మణికట్టు దాకా ప్రింటు పక్కన పెట్టి చూసుకున్నారు. "నాకింత వదులుగా ఉండేవి కావు" అన్నారు. "పిల్లది సన్న చెయ్యి మామ్మగారూ" అంటే నవ్వారు.

ఎర్ర కాసు ఒక్కటే ఉంది, పతకం నుంచి ఎడమవైపు ఏడోది. అది ఏ డబ్బాలోకి వెళ్ళిందని తల్లి కంసాలిగార్ని అడుగుతుంటే నేను చెప్పులు వేసుకున్నాను.